పసుపు ఫ్యూచర్స్‌లో ఏ రోజు నష్టం ఆ రోజే

ఫ్యూచర్స్ ఒప్పందంలో కట్టే మార్జిన్‌ను చాలామంది అడ్వాన్సు అనుకుంటారు. భూమి కొనేటప్పుడు ఇచ్చే బయానా సరుకు ధరలో భాగమవుతుంది. మార్జిన్ అలా కాదు. ధర ఎదురు తిరిగితే పారిపోకుండా ఉండేందుకు కొన్నవాడూ, అమ్మినవాడూ ఇద్దరూ పెట్టే పూచీ సొమ్ము అది. ఇద్దరి మధ్యా నిలబడే క్లియరింగ్ కార్పొరేషన్ దగ్గర అది ఉంటుంది.

నిజామాబాద్ పసుపునే తీసుకుందాం. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు లాట్ 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. గోదాములో సరుకున్న ఒక వ్యాపారి, ధర పడిపోతుందన్న భయంతో క్వింటాల్ రూ.14,000 చొప్పున ఒక లాట్ ఫ్యూచర్స్ అమ్మాడనుకుందాం. ఒప్పందం విలువ రూ.7,00,000. మార్జిన్ 12 శాతమనుకుంటే రూ.84,000 కట్టాలి. ఈ శాతం స్థిరం కాదు, ధర ఊగిసలాట పెరిగితే అదీ పెరుగుతుంది.

రోజూ ట్రేడింగ్ ముగిశాక, చివరి సమయంలో జరిగిన లావాదేవీల సగటును ఆధారం చేసుకుని ఎక్స్ఛేంజ్ ఒక సెటిల్‌మెంట్ ధర ప్రకటిస్తుంది. మొదటి రోజు అది రూ.14,300 అయితే క్వింటాల్‌కు రూ.300 చొప్పున రూ.15,000 వ్యాపారి ఖాతాలోంచి పోయి, కొన్నవాడి ఖాతాలో చేరుతుంది. రెండో రోజు రూ.14,700కు ఎక్కితే మరో రూ.20,000 కట్టాలి. మూడో రోజు రూ.14,500కు దిగితే రూ.10,000 వెనక్కి వస్తుంది. నికరంగా పోయింది రూ.25,000. 14,000కూ 14,500కూ ఉన్న తేడాను 50తో గుణించినా వచ్చేది అదే. రోజువారీ లెక్క మొత్తం నష్టాన్ని మార్చదు, చెల్లించే వేళను మాత్రమే మారుస్తుంది. పాత ధర ఒప్పందాన్ని ప్రతి సాయంత్రం మూసేసి, కొత్త ధరకు మళ్లీ రాసినట్టన్నమాట. దీన్నే మార్క్ టు మార్కెట్, బ్రోకర్ల వాడుకలో ఎంటీఎం అంటారు.

లెక్క ఆ సాయంత్రమే తేలుతుంది. మన దేశంలో మర్నాడు ట్రేడింగ్ మొదలయ్యేలోగా ఆ డబ్బు క్లియరింగ్ కార్పొరేషన్‌కు చేరాలి. పూచీగా షేర్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు కూడా తాకట్టు పెట్టొచ్చు గానీ ఎంటీఎం నష్టానికి నగదే కావాలి. ఎందుకంటే అవతలివాడికి వచ్చిన లాభాన్నీ నగదుగానే ఇవ్వాలి, క్లియరింగ్ కార్పొరేషన్‌కు అందులో సొంత పొజిషన్ ఉండదు. ఒకరి దగ్గర తీసుకున్నదే మరొకరికి ఇస్తుంది.

గడువు దాకా ఆగితే ఏమవుతుంది? మూడు నెలల్లో పసుపు క్వింటాల్‌కు రూ.5,000 పెరిగితే అమ్మినవాడి నష్టం రూ.2,50,000. అతను పెట్టిన పూచీ రూ.84,000. మిగతాది ఎగ్గొట్టాలన్న ఆశ అక్కడే పుడుతుంది. దాన్ని ఆపాలంటే మొదట్లోనే మూడు నెలల ఊగిసలాటకు సరిపడా మార్జిన్ అడగాలి, అప్పుడు సామాన్య వ్యాపారి దగ్గరికే రాలేడు. రోజూ లెక్క తేలిస్తే మాత్రం పూచీ ఒకటి రెండు రోజుల కదలికకు సరిపోతే చాలు. డబ్బు అందకపోతే బ్రోకర్ మార్జిన్ మిగిలి ఉండగానే పొజిషన్‌ను స్క్వేర్ ఆఫ్ చేసేస్తాడు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఈ వ్యాపారికి నిజానికి నష్టం లేదు, ధర పెరిగితే గోదాములో పసుపు విలువా పెరుగుతుంది. కానీ ఆ లాభం బస్తాల్లో ఉంది, కట్టాల్సిన రూ.20,000 రేపు పొద్దునకు నగదుగా కావాలి. సరుకు అమ్మేదాకా ఆగమంటే ఎవరూ ఆగరు. చేతిలో డబ్బు లేక పొజిషన్ తెగిపోయాక ధర పడిపోతే అతనికి రెండు దెబ్బలు: ఫ్యూచర్స్‌లో కట్టిన నష్టం వెనక్కి రాదు, సరుకుకు రక్షణా మిగలదు. సరుకున్నవాళ్లు మార్జిన్‌తో పాటు కొన్ని రోజుల ఎదురు కదలికకు సరిపడా నగదు పక్కన పెట్టుకునేది ఇందుకే.

మార్జిన్‌కూ హద్దుంది. 2020 ఏప్రిల్ 20న లాక్‌డౌన్ వేళల వల్ల ఎంసీఎక్స్‌లో ముడిచమురు ట్రేడింగ్ సాయంత్రం 5 గంటలకే ఆగింది. అప్పటికి ఏప్రిల్ కాంట్రాక్టు ధర బ్యారెల్ రూ.965 ప్రాంతంలో ఉంది. ఆ రాత్రి న్యూయార్క్‌లో ధర సున్నా దాటి మైనస్ 37.63 డాలర్లకు పడింది. మన కాంట్రాక్టు ఆ ధరతో ముడిపడినది కాబట్టి మైనస్ రూ.2,884 దగ్గర సెటిలైంది. 100 బ్యారెళ్ల లాట్ పట్టుకున్నవాడికి, సాయంత్రం ధరతో పోల్చినా, దాదాపు రూ.3,85,000 నష్టం. ఆ లాట్ మొత్తం విలువే అప్పటికి లక్షకు లోపు. క్లియరింగ్ కార్పొరేషన్ ముందుగా అడిగేది బ్రోకర్‌నే. అతను కట్టాలి, ఆ తర్వాత ఖాతాదారు వెంట పడాలి.