ఎండినప్పుడు గట్టి, తడిస్తే గుల్ల

మన ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లకు నల్లరేగడి అంటే భయం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దీనికి పూర్తిగా ఎదురుగా నడిచే నేలలూ ఉన్నాయి. ఎండగా ఉన్నన్నాళ్లూ గడ్డపారకు లొంగవు. నీళ్లు లోపలికి దిగితే మాత్రం ఒక్కసారిగా కుంగిపోతాయి.

అమెరికాలో కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయ పడమటి అంచు ఇందుకు పేరుమోసిన చోటు. కొండల నుంచి అప్పుడప్పుడూ బురద ప్రవాహాలు వచ్చి, పరుచుకుని, ఎండిపోయేవి. ఏటా కురిసే కొద్దిపాటి వాన వేళ్ల లోతు దాటి దిగదు కాబట్టి, కింది పొరలు పేరుకున్నాక మళ్లీ తడిసిందే లేదు. 20వ శతాబ్దంలో సాగునీరు వచ్చింది. పొలాలు, కాలవలు, గొట్టాలు కుంగాయి. చాలాచోట్ల 5 నుంచి 10 అడుగులు.

ఆ మట్టిలో రేణువుల మధ్య ఖాళీలు ఎక్కువ. వాటిని పట్టి ఉంచేది ఎండిన బంకమట్టి. అది నానితే పట్టు పోతుంది, రేణువులు జారి ఖాళీల్లో పడతాయి. ఇందుకు పైన పెద్ద బరువేమీ అక్కర్లేదు. లోతున ఉన్న మట్టికి తన పైనున్న మట్టి బరువే చాలు. అందుకే మాది ఒక్క అంతస్తే కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

ఉదాహరణకు, ప్రయోగశాలలో 20 మిల్లీమీటర్ల మందం నమూనాను బరువు కింద ఉంచి నీళ్లు పోస్తే 1.6 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. అంటే 8 శాతం. ఇంటి కింద 2 మీటర్ల మట్టి తడిసి అదే తీరున దిగితే 16 సెంటీమీటర్లు! ఇల్లంతా సమానంగా దిగితే కొంత నయం. కానీ తడిసేది స్నానాలగది మూలో, చూరునీళ్లు పడే పక్కో. ఆ మూల ఒక్కటే కిందికి పోతుంది, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది. ఏళ్లుగా బాగున్న ఇల్లు కొత్త సెప్టిక్ ట్యాంక్ కట్టాక చీలితే ముందు అనుమానించాల్సింది నీటినే.

వేసవిలో గుంట తవ్వి, గట్టిగా ఉంది కదా అని పునాది వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం. ఆ గట్టిదనం నీళ్లు తగిలేదాకే. గుంట తవ్విన మట్టిని తిరిగి అందులోనే వేసి దిమ్మిస గొట్టినప్పుడు గుంట నిండకపోతే అనుమానించాలి. మట్టిగడ్డను రెండు సమాన ముక్కలు చేసి, ఒకదాన్ని తడిపి పిసికితే రెండోదానికన్నా బాగా చిన్నదైనా అంతే. ఇవి సూచనలే, తీర్పులు కావు.

కాలిఫోర్నియా అక్విడక్ట్ కాలువ తవ్వే ముందు ఇలాంటి చోట్ల మడులు కట్టి, నెలల తరబడి నీళ్లు నిలిపి నేలను ముందే కుంగనిచ్చారు. ఇంటికైతే పునాది కింది మట్టిని తీసి, కాస్త తడిపి, పొరలుగా దిమ్మిస చేయడం సులువు. లోతైన పొర మిగిలిపోతే చూరునీరు, మురుగు ఇంటికి దూరంగా పోవాలి. మీరు మట్టి పరీక్ష చేయిస్తుంటే, ఎండు నమూనాతో సరిపెట్టకుండా తడిపి కూడా చూడమని గట్టిగా అడగండి.