హాస్టల్లో అర్ధరాత్రి కడుపునొప్పి: వార్డెన్ నివేదికలో ఏముండాలి

హాస్టల్లో ఒక పిల్లవాడికి రాత్రిపూట ఒంట్లో బాగోలేకపోతే వార్డెన్ రాసే నివేదికను పై అధికారి మర్నాడు చదువుతారు. అంతకంటే కొన్ని గంటల ముందే దాని అవసరం పడేది ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకు. నివేదికను సంజాయిషీగా భావించే అలవాటువల్ల చాలాచోట్ల అది 'విద్యార్థికి అస్వస్థత కలిగినందున వెంటనే ఆసుపత్రికి తరలించడమైనది' అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. బాధ ఎన్ని గంటలకు మొదలైంది, మొదట ఏం కనిపించింది, తర్వాత ఏం మారింది, దారిలో ఏమిచ్చారు అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ వాక్యం జవాబు చెప్పదు. డాక్టరు అడిగేవి మాత్రం అవే.

ఈ తేడా ప్రాణం మీదికి వచ్చే సందర్భం కట్లపాము కాటు. నల్లటి ఒంటిమీద సన్నటి తెల్లని కట్లుండే ఈ పాము రాత్రిళ్లు తిరుగుతుంది. నేలమీద చాపవేసుకుని పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటువేస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి చాలాసార్లు గాటు కనబడదు. రక్తపింజరి కాటులో వచ్చేటంత వాపుగానీ మంటగానీ ఉండవు. చాలామందిలో మొదట బయటపడేది కడుపునొప్పి, వాంతి. అందుకే దీన్ని అజీర్తి అనుకుని పొరబడడం తేలిక. హాస్టల్లో అయితే 'రాత్రి తిన్నది పడలేదు' అన్న మాట ముందుగా నోటికొస్తుంది.

ఊరిచివర ఉన్న ఒక హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడి విషయంలో ఇలా జరిగిందని అనుకుని, నివేదిక ఎలా నడవాలో చూద్దాం. వర్షాకాలం. సాయంత్రం ఏడున్నరకు అందరూ అన్నం, పప్పు, వంకాయకూర తిన్నారు. తొమ్మిదింటికి హాజరు వేశారు. రాత్రి 1.40కి పిల్లవాడు కడుపునొప్పితో లేచి పక్కనున్న వాణ్ణి లేపాడు. 1.55కు వాచ్‌మన్ వచ్చి వార్డెన్‌కు చెప్పాడు. రెండింటికి వార్డెన్ చూసేసరికి బొడ్డు చుట్టూ నొప్పి ఉంది, ఒకసారి వాంతి అయింది. జ్వరం లేదు, విరేచనాలు లేవు. అదే కూర తిన్న మిగతా పిల్లలందరూ హాయిగా నిద్రపోతున్నారు.

ఈ చివరి వాక్యం నివేదికలో తప్పక ఉండాలి. ఆహారం చెడితే సాధారణంగా ఒకరితో ఆగదు. కొద్ది గంటల్లోనే మరికొందరికి వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఒక్కడికే నొప్పి వచ్చి, మిగతావాళ్లు బాగున్నారంటే కారణం వేరే ఉండవచ్చు. అపెండిక్స్ నొప్పి కూడా బొడ్డు దగ్గరే మొదలవుతుంది కాని, కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగుతుంది. అంతేగాని కనురెప్పలను వాల్చదు.

రెప్పలు వాలడమే ఇక్కడ అసలు గుర్తు. కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞను ఆపేస్తుంది. ఆ ప్రభావం ముందు కళ్లలో తెలుస్తుంది. 2.10కి పిల్లవాడు 'రెండు లైట్లు కనబడుతున్నాయి సార్' అన్నాడు. పైకి చూడమంటే రెప్పలు పూర్తిగా లేవలేదు. నిద్రమత్తు అనుకుని వదిలేయడానికి వీలున్న చోటు ఇదే. నిద్రమత్తయితే నాలుగు మాటలు మాట్లాడించగానే పోతుంది. విషమైతే రెప్పలు అలాగే వాలి ఉంటాయి, ఆపై మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, దిండుమీంచి తల ఎత్తలేకపోతారు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించడం మరో సులువైన పరీక్ష. 2.15కు పద్దెనిమిది దాకా చెప్పిన పిల్లవాడు 2.30కి పదకొండు దగ్గర ఆగిపోయాడంటే, ఊపిరి తీసే కండరాలు బలహీనపడుతున్నాయని అర్థం. రెండు అంకెలూ, వాటి సమయాలూ కాగితం మీద ఉంటే డాక్టరుకు విషం వేగం అంచనా దొరుకుతుంది.

2.12కు 108కి ఫోన్ చేశారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవకు ఫోన్ చేసినప్పుడు 'కడుపునొప్పి' అని ఆపకుండా, 'రెప్పలు వాలుతున్నాయి, పాముకాటు అనుమానం, నేలమీద పడుకున్నాడు' అని చెప్పాలి. అప్పుడే యాంటీవెనమ్, కృత్రిమ శ్వాస పరికరం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగవచ్చు. 2.20కి తండ్రికి ఫోన్ చేశారు. ఆయన వచ్చేదాకా బయల్దేరకుండా ఆగనక్కరలేదు. ప్రాణాపాయంలో చికిత్స ముందు, సంతకం తర్వాత.

బండి వచ్చేలోపు చేసినవాటితోపాటు చేయనివాటినీ రాయాలి. పిల్లవాణ్ణి నడిపించలేదు, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. మింగడం కష్టమైతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి నీళ్లుగాని మాత్రగాని ఇవ్వలేదు. తాడుతో గట్టిగా కట్టలేదు, బ్లేడుతో కోయలేదు. ఊళ్లో మంత్రగాడిదగ్గరికి తీసుకెళ్దామని ఎవరైనా అంటే ఆ ఆలస్యాన్ని ఒప్పుకోకూడదు. పాము కోసం వెతుకుతూ ఇంకొకరు కాటు తినే పనీ పెట్టుకోకూడదు. పాము దొరక్కపోయినా లక్షణాలను బట్టి చికిత్స మొదలవుతుంది.

2.35కు అంబులెన్స్ వచ్చింది, 3.10కి ఏరియా ఆసుపత్రి చేరారు. విషం లక్షణాలు కనిపిస్తే మన దేశంలో సాధారణంగా పది వయల్స్ యాంటీవెనమ్‌తో మొదలుపెడతారు. పిల్లలకైనా పెద్దలకైనా అదే మోతాదు, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి బరువునుబట్టి తగ్గదు. మందు ఎక్కేటప్పుడు దద్దుర్లు, ఆయాసం రావచ్చు కాబట్టి ఆడ్రినలిన్ పక్కనే ఉంచుతారు. యాంటీవెనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకుంటుంది. అప్పటికే నరాల కొనలను దెబ్బతీసిన విషాన్ని వెనక్కి తీయలేదు. అందుకే మందు పడ్డాక కూడా కొందరికి వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఉండాల్సి వస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఈ మందు చేయగలిగింది తగ్గిపోతుంది. నివేదికలో గంటలూ నిమిషాలూ ఉండాలనడం ఇందుకే.

నివేదికను తెల్లారాక తీరిగ్గా గుర్తుచేసుకుని రాసేకంటే, అంబులెన్స్ కోసం చూస్తున్నప్పుడే ఒక కాగితంమీద సమయాలు వేసుకుంటే నమ్మకంగా ఉంటుంది. ఆ కాగితం ఒక ఫొటో తీసి, అసలుది డాక్టరుకిచ్చి, పొద్దున దాన్నిబట్టే పూర్తి నివేదిక రాయవచ్చు. కళ్లతో చూసినదీ, పిల్లవాడు చెప్పినదీ, వార్డెన్ అనుకున్నదీ విడివిడిగా ఉండాలి. 'రెప్పలు వాలాయి' చూసినది. 'పాముకాటు' అనుమానం. 'విషాహారం' అని డాక్టరు చెప్పకుండానే రాయడం పెద్ద తప్పు, ఎందుకంటే ఆ ఒక్క మాట వంటవాళ్ల మీదికి, తర్వాత అందరి మీదికి అనవసరంగా మళ్లుతుంది. పొరబాటు రాస్తే కొట్టేసి పక్కన సంతకం, సమయం వేయాలి, మీదమీద దిద్దకూడదు. పిల్లవాడి పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. అధికారికి ఫోన్‌లో చెప్పిన వేళ, పిల్లవాడి వెంట ఆసుపత్రికి వెళ్లిన సిబ్బంది పేరు, హాస్టల్లో మిగతా పిల్లల దగ్గర ఎవరున్నారన్నదీ రాయాలి. చాలా నివేదికల్లో ఈ చివరిది ఉండదు.

ఆఖరి పేరా హాస్టల్ గురించే ఉండాలి: ఎంతమంది నేలమీద పడుకుంటున్నారు, తలుపుల కింద సందులున్నాయా, వరండాలో లైటు వెలుగుతోందా, గోడ పక్కన కట్టెల కుప్ప, ఎలుకలు ఉన్నాయా. కట్లపాము మంచం ఎక్కడం అరుదు, అంచులు చాపకిందికి దోపిన దోమతెరలోకి దూరడమూ కష్టమే. కాబట్టి ఆ పేరాలో మంచాలూ దోమతెరలూ ఎన్ని కావాలో అంకెతో అడగాలి, ఆ అడిగినదానికి జవాబు వచ్చేదాకా వార్డెన్ వెంటపడాలి.