ముందు ఎవరి కార్డు?

తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలానే ఉన్నాయి. జపనీయులతో తొలి సమావేశం కుర్చీల్లో కూర్చోకముందే విజిటింగ్ కార్డులతో మొదలవుతుంది.

ఇరుపక్షాల పెద్దలు ముందు మార్చుకుంటారు, తర్వాత హోదా వరుసలో మిగిలినవారు. సరుకు అమ్మడానికి వచ్చినవారే మొదట కార్డు ఇవ్వాలి: నిలబడి, రెండు చేతులతో, అక్షరాలు ఎదుటివారికి తిరిగి ఉండేలా, కంపెనీ పేరూ తన పేరూ చెబుతూ. అందుకున్న కార్డులను చదివి, వాళ్లు కూర్చున్న వరుసలోనే బల్లమీద పేర్చుకుంటే ఎవరెవరో తికమక ఉండదు.

మనవాళ్లు తడబడేది గౌరవవాచకం దగ్గరే. ఎదుటివారి ఇంటిపేరు తనాకా అయితే ‘తనాకా సాన్’ అనాలి. కానీ జపనీస్‌లో సొంత డైరెక్టరును బయటివారికి పరిచయం చేసేటప్పుడు ‘సాన్’ తగిలించకూడదు. తనవాళ్లను తగ్గించి చెప్పడమే అక్కడ అతిథికి మర్యాద. ‘మా డైరెక్టర్ గారు’ అనే అలవాటున్న నోటికి ఇది కష్టమే, అందుకే ముందురోజే ఒకసారి పలికి చూసుకోవడం మేలు.