చేతికొచ్చేది 94, తీర్చేది 106

సంతలో తోపుడుబండి పెట్టుకునేవాళ్లకు ఫైనాన్స్ లెక్క ఒకటి బాగా తెలుసు. పదివేలకు కాగితం రాయించుకుని, వెయ్యి పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతారు. తీర్చేది మాత్రం పదివేలు. ఆ వెయ్యి ఏమైందని అడిగితే బండివాడు తడుముకోడు. "వడ్డీ పట్టుకున్నారండీ" అంటాడు. నష్టపోయానని మాత్రం అనడు.

కంపెనీలు డిబెంచర్లను డిస్కౌంటుకు అమ్మినప్పుడు జరిగేదీ ఇదే. పుస్తకాల్లో పేరు మారుతుంది, అంతే. అక్కడ దాన్ని ‘డిబెంచర్ల జారీపై నష్టం’ అంటారు. బీకాం చదివే మా మేనల్లుడు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. "మామయ్యా, అప్పు తెచ్చుకున్న రోజే నష్టం ఎలా వస్తుంది?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ పేరు పెట్టినవాళ్లు ఇంకాస్త ఆలోచించి ఉండాల్సిందని నాకూ అనిపిస్తుంది.

వాడి నోటుబుక్కులో ఉన్న లెక్క ఇది. ఒక కంపెనీ 100 రూపాయల ముఖ విలువతో పదివేల డిబెంచర్లు జారీ చేసింది. ఏడాదికి 9 శాతం వడ్డీ. ఆరు రూపాయలు తగ్గించి 94కే ఇచ్చింది. అయిదేళ్ల తర్వాత తిరిగి చెల్లించేటప్పుడు ముఖ విలువ మీద ఇంకో ఆరు కలిపి 106 ఇస్తానంది. ఈ రెండో ఆరును విమోచనపై ప్రీమియం అంటారు. ఇంత ఉదారంగా ఎందుకంటే, బయట 11 శాతం పైన వడ్డీ దొరుకుతున్నప్పుడు 9 శాతానికి ఎవరూ రారు. వడ్డీ రేటు పెంచే బదులు ముందు కొంత తగ్గించి, చివర్లో కొంత కలిపి జనాన్ని రప్పించుకుంటుంది. మన కంపెనీల చట్టం షేర్లను ఇలా డిస్కౌంటుకు అమ్మనివ్వదు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. డిబెంచర్లకు ఆ అడ్డు లేదు. ఎందుకంటే అది మూలధనం కాదు, అప్పు.

జారీ చేసిన రోజు చిట్టాపద్దు ఇలా పడుతుంది. బ్యాంకు ఖాతాకు 9,40,000 డెబిట్. జారీపై నష్టం ఖాతాకు 1,20,000 డెబిట్. డిబెంచర్ల ఖాతాకు 10,00,000 క్రెడిట్. విమోచనపై ప్రీమియం ఖాతాకు 60,000 క్రెడిట్. రెండు పక్కలా 10,60,000 సరిపోతుంది.

మేనల్లుడు మొదట డిబెంచర్ల ఖాతాకే 10,60,000 క్రెడిట్ రాశాడు. అది తప్పు. ఆ ఖాతా ఎప్పుడూ ముఖ విలువనే చూపాలి, ఏటా 9 శాతం లెక్కగట్టేది దాని మీదే. పది లక్షల మీద వడ్డీ 90,000 రావాల్సింది 95,400 వచ్చిందంటే పొరపాటు ఇక్కడే జరిగిందని తెలిసిపోతుంది. ప్రీమియం 60,000 వేరే అప్పుగా, అయిదేళ్లూ ఆస్తి అప్పుల పట్టీలో నిలబడి ఉంటుంది.

ఇక ఆ 1,20,000. ఇందులో డిస్కౌంటు 60,000, ప్రీమియం 60,000. కంపెనీ ఈ డబ్బును ఎక్కడా పారేసుకోలేదు. అయిదేళ్లు అప్పు వాడుకుంటున్నందుకు ఇచ్చే అదనపు వడ్డీ అది. అందుకే మొదటి ఏడాది లాభం మీదే మొత్తం రుద్దడం సబబు కాదు. ప్రీమియం కట్టేది చివర్లోనే కదా అని అయిదో ఏడు దాకా ఊరుకోవడం మరీ అన్యాయం. వాడుకున్న ప్రతి ఏడాదీ తన వాటా తాను మోయాలి.

అప్పు మొత్తం అయిదేళ్ల చివర ఒకేసారి తీర్చేదైతే వాటాలు సమానం, ఏటా 24,000. లాభనష్టాల ఖాతాకు డెబిట్, నష్టం ఖాతాకు క్రెడిట్. అయిదేళ్లకు ఆ ఖాతా సున్నా అవుతుంది. జారీ అక్టోబరు 1న జరిగి, లెక్కలు మార్చి 31న ముగిస్తే తొలి ఏడు ఆరు నెలలకే 12,000 రాయాలి. మిగిలిన 12,000 ఆరో లెక్కల సంవత్సరంలో పడుతుంది. పరీక్షలో తేదీ చూడకుండా 24,000 వేసేవాళ్లు ఎక్కువ.

ఏటా చివర రెండేసి లక్షలు తీర్చే ఒప్పందమైతే సమాన వాటాలు కుదరవు. తొలి ఏడు పది లక్షలు వాడుకుంది, చివరి ఏడు రెండు లక్షలే. వాడుకున్నదాన్ని బట్టే భారం. పది, ఎనిమిది, ఆరు, నాలుగు, రెండు లక్షలు, అంటే 5:4:3:2:1 నిష్పత్తి. 1,20,000ను పదిహేను భాగాలు చేస్తే భాగానికి 8,000. అలా వరసగా 40,000, 32,000, 24,000, 16,000, 8,000. ఏడాది పొడవునా చేతిలో ఉన్న అప్పును కాకుండా, చెల్లింపు అయ్యాక మిగిలిన నిల్వను పట్టుకుంటే నిష్పత్తి 4:3:2:1:0 అయిపోతుంది. చివరి ఏడాదికి సున్నా వచ్చిందంటే లెక్క మళ్లీ చూసుకోవాల్సిందే.

పెద్ద కంపెనీలు పాటించే కొత్త అకౌంటింగ్ ప్రమాణాల్లో సమాన వాటాలు కూడా చెల్లవు. అక్కడ అసలు వడ్డీ రేటు కనిపెట్టాలి. 94 తీసుకుని, ఏటా 9 కట్టి, చివర 106 ఇస్తే ఆ అప్పు నిజంగా పడేది సుమారు 11.6 శాతానికి. ఒకేసారి తీర్చే మన అప్పులో మొదటి ఏడు 9,40,000 మీద 11.6 శాతం అంటే 1,09,040. అందులో 90,000 చేత్తో కట్టిన వడ్డీ, మిగతా 19,040 ఆ ఏటి వాటా. దాన్ని అప్పుకు కలిపి మరుసటి ఏడు మళ్లీ కడతారు. అలా వాటా పెరుగుతూ పోయి అయిదో ఏట 29,534 అవుతుంది. అయిదూ కలిపితే అదే 1,20,000.

కంపెనీ దగ్గర సెక్యూరిటీస్ ప్రీమియం నిల్వ ఉంటే, ఈ నష్టాన్ని అందులోంచి కొట్టేయడానికి చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తుంది. అన్ని తరగతుల కంపెనీలకూ కాదు. చట్టరీత్యా తప్పు లేదు గానీ నాకది నచ్చదు. అలా చేస్తే లాభనష్టాల ఖాతాలో 9 శాతమే కనిపిస్తుంది, మిగతా వడ్డీ చాటుకు పోతుంది.

ఏడాదికింత అని పంచడం సరైనదేనా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మద్రాస్ ఇండస్ట్రియల్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ 1966 డిసెంబరులో కోటిన్నర విలువైన డిబెంచర్లను 2 శాతం డిస్కౌంటుకు, పన్నెండేళ్ల గడువుతో జారీ చేసింది. డిస్కౌంటు మూడు లక్షలు. 1967 జూన్‌తో ముగిసిన లెక్కల్లో ఆరు నెలల వాటాగా 12,500 ఖర్చు రాసుకుంది. తర్వాత అదే కంపెనీ మొత్తం మూడు లక్షలూ ఆ ఒక్క ఏడాదికే పన్ను మినహాయింపుగా కావాలంది. డిస్కౌంటు ఖర్చే, కానీ దాని ప్రయోజనం పన్నెండేళ్ల పాటు అందుతుంది కాబట్టి పన్నెండేళ్లకూ పంచాలని 1997లో కోర్టు తేల్చింది. ముప్పై ఏళ్ల కిందట ఆ కంపెనీ పుస్తకంలో పడిన 12,500 అంకే నిలబడింది.