రెడ్డిట్ సేవా అంతరాయం (2023)

2023 మార్చి 14న రెడ్డిట్ అను చర్చా వెబ్‌సైటు 314 నిమిషాల పాటు నిలిచిపోయింది. గణితంలోని పై విలువ 3.14 కనుక ఆ తేదీని పై దినోత్సవంగా జరుపుకుంటారు. అంతరాయపు నిడివి కూడా అదే అంకెలతో ఉండటం యాదృచ్ఛికం. ఆ తరువాత సంస్థ ఇంజనీర్లు ప్రచురించిన పోస్ట్‌మార్టం నివేదిక, పరీక్షలన్నీ నెగ్గిన మార్పు అసలు వ్యవస్థలో ఎందుకు విఫలమైనదో వివరిస్తుంది.

నేపథ్యం

సాఫ్ట్‌వేర్ మార్పులను వాడుకరులు ఉపయోగించే వ్యవస్థలో (ప్రొడక్షన్) పెట్టే ముందు, దానిని పోలిన నమూనా వ్యవస్థలో (స్టేజింగ్) పరీక్షిస్తారు. రెండింటి అమరికలు ఒకటిగా ఉన్నంత వరకే ఆ పరీక్షకు విలువ ఉంటుంది.

రెడ్డిట్ తన సర్వర్లను కుబర్నెటీస్ ద్వారా క్లస్టర్లు అనే సమూహాలుగా నడుపుతున్నది. ఆనాడు 1.23 వెర్షను నుండి 1.24కు మారుతున్నారు. ముందు పరీక్షా క్లస్టర్లలోనూ, తరువాత ప్రాముఖ్యం తక్కువైన వాటిలోనూ ఈ మార్పు సజావుగా జరిగింది. చివరకు మిగిలిన పాత, కీలకమైన క్లస్టరును మార్చగానే సైటు ఆగిపోయింది.

కారణం

పెద్దవైన పాత క్లస్టర్లలో మాత్రమే రూట్ రిఫ్లెక్టర్లు అనే ఏర్పాటు ఉండేది. ప్రతి సర్వరూ మిగతా సర్వర్లన్నింటితో దారుల సమాచారం పంచుకొనుటకు బదులు, కొన్ని సర్వర్లే దానిని సేకరించి అందరికీ అందిస్తాయి. ఆ సర్వర్లను నెట్‌వర్కును నడిపే కాలికో అనే సాఫ్ట్‌వేర్ ఒక లేబులును బట్టి గుర్తించేది. కింది మొదటి పంక్తి ఆ లేబులు, రెండవది దాని స్థానంలో వచ్చినది.

```
node-role.kubernetes.io/master
node-role.kubernetes.io/control-plane
```

1.24 వెర్షనులో పాత లేబులు తొలగిపోయింది. దానితో రిఫ్లెక్టర్లుగా ఏ సర్వరూ ఎంపిక కాలేదు, క్లస్టరు లోపలి నెట్‌వర్కు కూలిపోయింది. రిఫ్లెక్టర్లు లేని క్లస్టర్లలో ఈ లోపం బయటపడే అవకాశమే లేదు.

పునరుద్ధరణ

కుబర్నెటీస్‌లో పాత వెర్షనుకు వెనక్కు మళ్ళే సౌకర్యం లేదు. అందువలన బ్యాకప్ నుండి పునరుద్ధరించవలసి వచ్చింది. ఆ పద్ధతిని వివరించే పత్రం ఎప్పటిదో కావడంతో, అందులోని ఆదేశాలను అప్పటికప్పుడు సవరించుకోవలసి వచ్చింది.

నివేదిక తేల్చినది

సేవ తిరిగి మొదలైన తరువాతనే అసలు కారణం తెలిసింది. రిఫ్లెక్టర్లను ఏర్పరచిన వారందరూ అప్పటికి ఇతర బాధ్యతలకో, ఇతర సంస్థలకో వెళ్ళిపోయారు. అమరికను చేతితో దిద్ది నేరుగా కాలికోకు ఎక్కించినందున అది కోడు భాండారంలో ఎక్కడా నమోదు కాలేదు. ఆ ఏర్పాటు ఉన్నదన్న సంగతి ఒక ఇంజనీరుకు గుర్తుకు రావడం వలన, నివేదిక తయారీ సమయంలో ఆయా వివరాలు వెలికివచ్చాయి.

భాండారంలోని ఫైళ్ళను మాత్రమే పోల్చి ఉంటే ఈ తేడా కనబడేది కాదు. నడుస్తున్న రెండు క్లస్టర్ల నుండి అమరికలను నేరుగా తీసి పక్కపక్కన పెట్టినప్పుడే, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని ఇటువంటి అంశం బయటపడుతుంది.