ఖాళీ గంట ఉంది, ఓపిక లేదు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్ రోజు ఎలా ఉంటుందో చూద్దాం. ఈమె ఫలానా మనిషి కాదు. కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనైనా ఎదురయ్యేంత మామూలు మనిషి. క్లయింట్ కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ ఉదయం 8 గంటలంటే వేసవిలో మనకు రాత్రి 8:30. రోజూ ఆ వేళకు గంటసేపు కాల్. అది అయ్యాక భోజనం, ఆ తర్వాత కాల్‌లో అనుకున్న విషయాలన్నీ రాసి పంపే మెయిలు, కాసేపు ఫోను. పడుకునేసరికి పన్నెండున్నర. పిల్లవాడి స్కూలు బస్సు కోసం ఆరున్నరకు అలారం. ఆఫీసుకు పదింటికి. వెళ్లగానే స్టాండప్ మీటింగ్, తర్వాత మెయిళ్లు, భోజనం దాకా ఇతరుల కోడ్ చూడటం. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా ఎవరూ మీటింగ్ పెట్టకుండా క్యాలెండర్‌లో అడ్డుగీత గీసుకుంది. కొత్త ఫీచర్ డిజైన్ పత్రం రాయడానికి ఆమెకు దొరికే సమయం అదొక్కటే.

ఆ గంటన్నరలో రెండు పేరాలు కదలవు. చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంది, ఒక టీ తాగుతుంది, ఇంకో టీ తాగుతుంది. సమయం లేదని ఫిర్యాదు చేయడానికీ లేదు, సమయం ఉంది కదా! టోనీ ష్వార్ట్జ్, కేథరిన్ మెకార్తీ 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ చిక్కు గురించే. సమయాన్ని కాదు, శక్తిని చూసుకోండి అన్నారు వాళ్లు. మాట బాగా పాకింది కానీ, ఆ శక్తి ఎక్కడ పుడుతుంది, ఏ వేళకు తగ్గుతుంది అన్నది నిద్ర మీద పనిచేసేవాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

మనం ఎంత చురుగ్గా ఉంటామన్నది ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో ప్రతిపాదించాడు. ఒకటి నిద్ర ఒత్తిడి. మేలుకున్న క్షణం నుంచి అది పెరుగుతూ పోతుంది, పడుకుంటేనే దిగుతుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవడం దీనికి ఒక కారణం. రెండోది శరీర గడియారం. దానికి మనం ఎంతసేపు నిద్రపోయామన్న లెక్కతో పనిలేదు. దాని లయలో అది పొద్దున చురుకును పైకి లేపుతుంది, మధ్యాహ్నం కాస్త వదిలేస్తుంది, సాయంత్రం మళ్లీ గట్టిగా లాగుతుంది, రాత్రికి చేతులెత్తేస్తుంది.

మధ్యాహ్నపు మగతకు పెరుగన్నాన్ని తిట్టడం మనకు అలవాటు. భారీ భోజనం దాన్ని పెంచే మాట నిజమే కానీ, అన్నం తినకపోయినా ఆ మగత వస్తుంది. పొద్దుటి నుంచి పెరిగిన నిద్ర ఒత్తిడికి గడియారం ఇంకా పూర్తిగా ఎదురు నిలవని వేళ అది. రాత్రి నిద్ర చాలనివాళ్లలో ఆ గుంట ఇంకా లోతుగా ఉంటుంది. మన టీమ్ లీడ్ తన రోజులోకెల్లా కష్టమైన పనిని సరిగ్గా ఆ గుంటలో పెట్టుకుంది. పెట్టుకోవడానికి కారణం ఒక్కటే, ఆ వేళ ఎవరూ మీటింగ్ పెట్టరు. ఎందుకు పెట్టరో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

సాయంత్రం సంగతి ఇంకా తమాషా. పగలంతా వాలిపోయిన మనిషికి రాత్రి ఎనిమిది, తొమ్మిదయ్యేసరికి ఎక్కడలేని హుషారొస్తుంది. మామూలుగా పడుకునే వేళకు రెండు మూడు గంటల ముందు గడియారం చురుకును గట్టిగా పట్టి ఉంచుతుంది. అందుకే ‘ఇవాళైనా తొమ్మిదింటికే పడుకుంటా’ అని దీపాలార్పినవాళ్లు గంటన్నర అటూ ఇటూ దొర్లుతారు. ఆ హుషారును చూసి ‘నేను రాత్రి మనిషిని, నాకు ఆరు గంటలు చాలు’ అని తీర్మానించుకునేవాళ్లూ చాలామంది ఉన్నారు.

ఈ ‘ఆరు గంటలు చాలు’ మాటను పరీక్షకు పెట్టినవాళ్లున్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం 48 మంది ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగం 2003లో వెలువడింది. కొందరిని వరసగా 14 రాత్రులు ఎనిమిదేసి గంటలు పడుకోనిచ్చారు. కొందరిని ఆరు, కొందరిని నాలుగు గంటలే. ఇంకో గుంపుకు మూడు రాత్రులు అసలు నిద్రే లేదు. పగలు పదేపదే ఒక చిన్న పరీక్ష పెట్టారు. తెర మీద అంకెలు కనిపించగానే మీట నొక్కాలి, మళ్లీ ఎప్పుడు కనిపిస్తాయో తెలియదు, ఇలా పది నిమిషాలు. అర సెకను దాటి ఆలస్యమైతే దాన్ని తప్పుగా లెక్కేస్తారు. ఆలోచన అక్కర్లేని పరీక్షే కానీ, మనసు ఒక్క క్షణం జారినా పట్టేస్తుంది.

ఆరు గంటలవాళ్ల తప్పులు రోజురోజుకూ పెరిగాయి. రెండు వారాలకు వాళ్ల పనితీరు ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి దిగింది. పరీక్షను బట్టి చూస్తే ఆరు గంటలకు, అంతకు తక్కువకు పరిమితమైనవాళ్ల నష్టం కొన్నిచోట్ల రెండు రాత్రులు అస్సలు పడుకోనివాళ్లతో సమానం. అంతకంటే ముఖ్యమైంది వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాట. ‘ఎంత మగతగా ఉంది?’ అని అడిగితే మొదటి కొద్ది రోజులు కాస్త పెరిగినట్టు చెప్పారు, తర్వాత పెద్దగా మార్పు లేదన్నారు. నిద్ర బాకీ పెరుగుతూనే ఉంది, పెరుగుతున్నట్టు తెలియడం మాత్రం ఆగిపోయింది. రోజూ ఆరు గంటలు పడుకుంటూ ‘నాకేం కాలేదు’ అనేవాళ్లు అబద్ధమాడటం లేదు, వాళ్లకు నిజంగానే తెలియదు.

కాబట్టి ఒంట్లో ఎలా ఉందో అడిగి బాకీ తేల్చుకోలేం. సెలవు పెట్టి అలారం లేకుండా పడుకున్న మొదటి రెండు మూడు రోజులు తొమ్మిది, పది గంటలు నిద్రపట్టిందంటే అది బాకీ లెక్కే. ఆ తర్వాత నిద్ర ఎక్కడ నిలబడుతుందో అదే మీ అసలు అవసరం. పెద్దవాళ్లలో ఎక్కువమందికి అది ఏడు గంటలకు తగ్గదు.

ఇప్పుడు టీమ్ లీడ్ రోజును తిరగరాద్దాం. కాల్‌ను కదపలేదు, స్కూలు బస్సునూ కదపలేదు. కదిలేది రాత్రి తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉన్న మూడు గంటలు. భోజనం కాల్‌కు ముందు ఏడున్నరకు అయిపోవాలి. కాల్ వివరాలు మాట్లాడుతుండగానే రాసుకుని, తొమ్మిదీ నలభైకి పంపేసి లాప్‌టాప్ మూసేయాలి. ఇంట్లో దీపాలు కొంచెం తగ్గించాలి, ఎందుకంటే రాత్రి వెలుగు శరీర గడియారాన్ని వెనక్కి నెడుతుంది. పదకొండుకు పడుకోగలిగితే ఏడున్నర గంటలు చేతికొస్తాయి. మొదటి వారం పదకొండుకు నిద్రపట్టదు, గడియారం ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది. పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ రావాలి. పొద్దున బస్సు దాకా వెళ్లినప్పుడు ఆరుబయట వెలుగులో పావుగంట నిలబడితే ఆ జరగడం తేలికవుతుంది. శనాదివారాల్లో పదిన్నర దాకా పడుకుంటే మాత్రం సంపాదించిందంతా పోయి, ఆదివారం రాత్రి మళ్లీ మొదటికొస్తుంది. గంట ఆలస్యంగా లేచినా పరవాలేదు.

టీ కాఫీల విషయం విడిగా చెప్పుకోవాలి. కెఫీన్ మనకు శక్తినివ్వదు. అడినోసిన్ తగులుకునే చోట తానెళ్లి కూర్చుని, మగత తెలియకుండా చేస్తుంది, అంతే. తాగినదాంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా గంటకు పైగా నిద్రను తినేసిందని 2013లో అమెరికాలో క్రిస్టఫర్ డ్రేక్ బృందం చూపింది. మోతాదు పెద్దదే, మూడు నాలుగు కప్పుల కాఫీ. మన టీలో కెఫీన్ తక్కువే కానీ, ఆఫీసు మెషీన్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లామో ఎవరు లెక్కపెడతారు? పదకొండుకు పడుకునేవాళ్లు మధ్యాహ్నం రెండింటితో ఆపేయడం మంచిది.

పగటి పనుల్లో ఆమె చేయాల్సింది ఒక్క మార్పే. డిజైన్ పత్రం పదిన్నర నుంచి పన్నెండుకు రావాలి, మెయిళ్లూ కోడ్ చూడటమూ మధ్యాహ్నానికి వెళ్లాలి. మగత వేళ ఇరవై నిమిషాల కునుకుకు వీలుంటే దాన్ని మించింది లేదు. పసిఫిక్ మీదుగా దూరప్రయాణాలు చేసే పైలట్లకు నాసా నలభై నిమిషాల విరామమిచ్చి చూసింది. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాతి పనిలో మెలకువ స్పష్టంగా మెరుగైంది. కునుకు అరగంట దాటితే గాఢనిద్రలోకి జారే ప్రమాదం ఉంది. అందులోంచి లేస్తే తల దిమ్మెక్కి ఇంకో అరగంట పోతుంది. ఇరవై ఐదు నిమిషాలకు అలారం పెట్టుకోవాలి. నాలుగు దాటాక మాత్రం వద్దు, రాత్రి నిద్రకు గండి పడుతుంది.

పని మధ్యలో విరామం ఎంతకొకసారి? తొంభై నిమిషాలకోసారి అని చాలాచోట్ల చదువుతాం. నిద్రలో కనిపించే ఆవృత్తి మేలుకున్నప్పుడూ సాగుతుందని నథానియేల్ క్లైట్‌మన్ ఊహించాడు, ఆ అంకె అక్కడిది. మేలుకున్న మనిషిలో దానికి గట్టి సాక్ష్యం లేదు. అంకెను పట్టుకు వేలాడే కన్నా, ఒకే వాక్యాన్ని రెండోసారి చదువుతున్నారా అన్నది చూసుకుంటే మేలు. అప్పుడు లేచి ఐదు నిమిషాలు నడవండి. ఆ విరామంలో ఫోను చూస్తే మెదడుకు అది విరామం కాదు. మాటల పజిళ్ల మధ్య ఫోను వాడినవాళ్లు తర్వాతి భాగంలో వెనకబడ్డారని 2019లో ఒక అమెరికన్ అధ్యయనం తేల్చింది.

దీనికన్నా ఎక్కువ నష్టం సగంలో లేవడం వల్ల జరుగుతుంది. డిజైన్ పత్రం మధ్యలో మీటింగ్‌కు వెళ్తే మనసులో కొంత ముక్క అక్కడే ఉండిపోతుంది. దీని మీద సోఫీ లెరాయ్ 2009లో రాసింది. ఎక్కడ ఆపాం, తిరిగొచ్చాక ఏం చేయాలి అన్నది లేవకముందే ఒక్క నిమిషం రాసిపెట్టుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని తర్వాతి అధ్యయనంలో చూపింది. ‘చెల్లింపు విఫలమైతే ఆర్డర్ రద్దు చేయాలా, ఆపాలా? పేమెంట్స్ టీమ్‌ను అడిగి మూడో భాగం రాయాలి’ అంటే చాలు. ‘డిజైన్ పూర్తి చేయాలి’ అని రాస్తే ఏ ఉపయోగమూ లేదు, తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.

ఇవన్నీ పాటించి, ఎనిమిది గంటలు పడుకుని లేచినా పగలంతా మగతగానే ఉందంటే, పైగా గురక పెద్దదని ఇంట్లోవాళ్లు అంటుంటే, వేళల్ని సర్దుకోవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియాకూ, రక్తహీనతకూ, థైరాయిడ్‌కూ క్యాలెండర్‌లో మందు లేదు. కాల్స్ రాత్రి ఒంటిగంట దాకా సాగే టీముల్లోనూ ఈ సర్దుబాట్లు చాలవు, అక్కడ మారాల్సింది పని వేళే.

మన టీమ్ లీడ్‌కు ఒక గండం మాత్రం ఏటా వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. క్లయింట్‌కు ఉదయం ఎనిమిది ఎనిమిదిగానే ఉంటుంది, ఆమెకు మాత్రం ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నరకు మారి మార్చి దాకా అలాగే ఉంటుంది. అప్పటికప్పుడు చెబితే ఎవరూ వినరు. కాల్‌ను వారంలో రెండు రోజులకు కుదించి మిగతావి రాతలో పంపుకుందామనో, చలికాలమంతా అరగంటలో ముగిద్దామనో అక్టోబరులోనే అడగాలి.