మూడో ఏడు నడుస్తోందంటే ఎన్ని నెలలు?

అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పాప ఎత్తు కొలిచారనుకుందాం. 84.2 సెంటీమీటర్లు వచ్చింది. వయసెంతని అడిగితే తల్లి ‘మూడో ఏడు నడుస్తోందండీ’ అంది. రాసుకునేవారు మూడేళ్లని రాసేశారు.

వయసుకు తగ్గ ఎత్తును జెడ్ స్కోరుతో చెబుతారు. అదే వయసున్న ఆరోగ్యవంతులైన ఆడపిల్లల మధ్యస్థ ఎత్తుకు ఈ పాప ఎంత దూరంలో ఉందో చూసి, ఆ తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. మగపిల్లలకు పట్టిక వేరు. స్కోరు మైనస్ 2 కన్నా తగ్గితే ఎదుగుదల గిడసబారినట్టు, మైనస్ 3 కన్నా తగ్గితే తీవ్రంగా గిడసబారినట్టు లెక్క. ఈ పట్టికలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసింది. వాటికోసం ఆరు దేశాల పిల్లలను కొలిచారు, వారిలో దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. కాబట్టి ‘మన పిల్లలు పుట్టుకతోనే పొట్టి’ అనే మాట ఇక్కడ చెల్లదు.

ఇక పాప లెక్క. మూడేళ్ల ఆడపిల్లల మధ్యస్థ ఎత్తు 95.1 సెంటీమీటర్లు, విచలనం సుమారు 3.8. పాప 10.9 సెంటీమీటర్లు తక్కువ ఉంది కనుక స్కోరు దాదాపు మైనస్ 2.9. తీవ్రమైన హద్దుకు అడుగు దూరం!

తల్లీబిడ్డల కార్డు తీయిస్తే పుట్టిన తేదీ 2023 జనవరి 10 అని ఉంది. కొలిచింది 2025 జూలై 15న. అంటే నిండింది 30 నెలలే. ఆ వయసుకు మధ్యస్థం 90.7, విచలనం సుమారు 3.5. తేడా 6.5 సెంటీమీటర్లకు తగ్గింది, స్కోరు మైనస్ 1.9 దగ్గరికి వచ్చింది. పాప గిడసబారిన జాబితాలో లేదు. ఎత్తు ఒక్క మిల్లీమీటరూ మారలేదు, మారింది వయసే. కార్డు లేని ఇంట్లో ‘సంక్రాంతికి ముందా, ఉగాది తర్వాతా’ అని పండుగల మీదుగా అడుగుతూ పుట్టిన నెల దాకా రావచ్చు. రిజిస్టరులో చాలామంది పిల్లల వయసు సరిగ్గా 24, 36 నెలలని ఉంటే అవి అంచనా వయసులేనని అనుమానించాలి.

కొలతలోనూ చిక్కులున్నాయి. రెండేళ్లు నిండనివారిని పడుకోబెట్టి, నిండినవారిని నిలబెట్టి కొలవాలి. పడుకోబెడితే సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువొస్తుంది. రెండేళ్లు దాటిన బిడ్డ నిలబడనని మొరాయిస్తే పడుకోబెట్టి కొలిచి, అంత తీసేయాలి. చెప్పులు విప్పించాలి, పిలక విప్పాలి. మడమలు పలకకు ఆనాయో లేదో చూడటానికి రెండో మనిషి ఉండాలి.

మన పాపకు ఒక్క సెంటీమీటరు తక్కువ చదివినా స్కోరు మైనస్ 2 దాటిపోతుంది. అందుకే హద్దు దగ్గరున్న బిడ్డను అప్పుడే మళ్లీ కొలవాలి. కొన్ని నెలల తర్వాత కొలిచినప్పుడు స్కోరు ఇంకా దిగజారి ఉంటే, హద్దు దాటకపోయినా ఆ బిడ్డ తిండినీ జబ్బులనూ ఆరా తీయాలి.